కృత్రిమ గళంలో తత్సమ పదాలు: వినడం, దిద్దడం

రాసిన తెలుగును కంప్యూటర్ గొంతుతో చదివించినప్పుడు వినిపించే తప్పుల్లో పెద్ద భాగం సంస్కృతం నుంచి వచ్చిన పదాల్లోనే ఉంటుంది. ‘వాళ్ళింటికి వెళ్ళి అన్నం తిని వచ్చాడు’ అన్న వాక్యాన్ని తడబడకుండా చదివిన గొంతే ‘యజ్ఞం’ దగ్గర, ‘దుఃఖం’ దగ్గర, ‘బ్రహ్మ’ దగ్గర తొట్రుపడుతుంది. కారణం తెలుగు రాతలోనే ఉంది. తెలుగులో రాసినట్టే పలుకుతామని అందరూ అంటారు. అచ్చ తెలుగు పదాల విషయంలో అది చాలావరకు నిజం. తత్సమాల్లో మాత్రం రాత సంస్కృతానిది, పలుకు తెలుగువాళ్ళది. ‘జ్ఞానం’ అని రాసి ‘గ్న్యానం’ అంటారు. ‘దుఃఖం’ అని రాసి ‘దుక్ఖం’ అంటారు. ‘చిహ్నం’ అని రాసి ‘చిన్హం’ అంటారు. ఎవరూ నేర్పకుండానే చెవులు పట్టుకున్న ఈ తేడాను యంత్రానికి ఎవరో ఒకరు చెప్పాలి.

యంత్రం చదివే తీరు రెండు రకాలు. మొదటిది నియమాలతో నడిచేది. ఏ అక్షరానికి ఏ ధ్వని, ఏ అక్షరం పక్కన ఏది వస్తే ధ్వని ఎలా మారుతుంది అన్న పట్టికను మనుషులు రాసిపెడతారు. ఉచితంగా దొరికే ఈస్పీక్ ఎన్‌జీ ఈ కోవలోది. రెండోది గంటల కొద్దీ రికార్డు చేసిన మనిషి చదువును, దాని పాఠాన్ని పక్కపక్కన పెట్టి నేర్చుకున్న న్యూరల్ గొంతు. ఇది సహజంగా వినిపిస్తుంది కానీ తాను విన్నదాన్నే నేర్చుకుంటుంది. రికార్డింగుల్లో వార్తలూ మాటలూ ఎక్కువగా ఉంటే ‘వాఙ్మయం’, ‘జిహ్వ’ లాంటి పదాలు దాని చెవిన పడేది బహు తక్కువ. పలు భారతీయ భాషలను కలిపి నేర్పిన గొంతుల్లో మరో చిక్కు ఉంది. హిందీ పాలు ఎక్కువైతే ‘కృష్ణుడు’ ‘క్రిష్ణుడు’ అవుతాడు, ‘జ్ఞానం’ ‘గ్యానం’ అవుతుంది, ‘వేదవ్యాసుడు’ మధ్యలో అకారం రాలిపోయి ‘వేద్‌వ్యాసుడు’ అవుతాడు.

వినడానికి కూర్చునే ముందే తేల్చుకోవలసిన మాట ఒకటుంది. ఏ ఉచ్చారణను సరైనదిగా తీసుకోవాలి? సంస్కృత శ్లోక పఠనమైతే ఒక లెక్క, తెలుగు వచనంలో వచ్చే సంస్కృత పదమైతే మరో లెక్క. శిక్షాశాస్త్రం ప్రకారం ‘జ్ఞ’లో ఉన్నవి జకార ఞకారాలు. కానీ తెలుగు కథ చెబుతున్న గొంతు జకారం స్పష్టంగా వినపడేలా ‘విజ్ఞానం’ అంటే తెలుగు శ్రోతకు అది తప్పుగానే తోస్తుంది. అలాగే ‘ఋ’ను ఉత్తరాదిలో ‘రి’కి దగ్గరగా, తెలుగునాట ‘రు’కు దగ్గరగా పలుకుతారు. తెలుగు వచన పఠనానికి చదువుకున్న తెలుగువారి వాడుకే ప్రమాణం కావాలి. శ్లోకాలు మధ్యలో వస్తే వాటికి విడిగా నియమం పెట్టుకోవాలి. ఈ నిర్ణయాన్ని ముందే ఒక కాగితం మీద రాసుకోకపోతే ఒకే పుస్తకంలో మొదటి అధ్యాయం ఒక తీరుగా, పదో అధ్యాయం మరో తీరుగా తయారవుతాయి. ఇద్దరు ముగ్గురు కలిసి పరిశీలిస్తున్నప్పుడు ఇది మరీ తప్పదు.

ఆ తరువాత పని గొంతుది కాదు, పాఠానిది. యంత్రం తప్పు చదివిందని అనుకున్న చోట చాలాసార్లు తప్పుగా ఉన్నది టైపింగే. విసర్గకు ‘ః’ అనే ప్రత్యేకమైన అక్షరం ఉన్నా, కీబోర్డులో సులువుగా దొరుకుతుందని కోలన్ చుక్కలు పెట్టేవారు ఎక్కువ. ‘నమః’, ‘నమ:’ కంటికి ఒకేలా ఉంటాయి. యంత్రానికి మాత్రం రెండోది ‘నమ’ అన్న పదం, దాని వెనక ఒక విరామచిహ్నం. సున్నాకు బదులు ఇంగ్లీషు ‘ఓ’ అక్షరమో, సున్నా అంకెనో కొట్టిన పాఠాలూ కొల్లలు. అలాంటి చోట ‘సంస్కృతం’ రెండు ముక్కలై వినిపిస్తుంది. ‘ఋ’ దొరక్క ‘బు’కు మరో కొమ్ము తగిలించి ‘బుుషి’ అని రాస్తారు. చూడటానికి ఋషే, చదివితే ‘బుషి’. వీటిని చెవితో వెతకడం కంటే వెతుకు పెట్టెలో ఒక నమూనా ఇచ్చి ముందే ఏరుకోవడం తేలిక. తెలుగు అక్షరానికి ఆనుకుని కోలన్, ఇంగ్లీషు ‘ఓ’, అంకె సున్నా ఉన్న చోట్లను ఈ నమూనా చూపిస్తుంది:

```
[\u0C00-\u0C7F][:o0]
```

దొరికిన ప్రతి కోలన్‌నూ కళ్ళు మూసుకుని విసర్గగా మార్చకూడదు. ‘ఉదా:’, ‘గమనిక:’ లాంటి చోట్ల అది నిజంగా కోలనే. ‘విద్యార్ధి’, ‘అర్ధం’ లాంటి రాతలనూ ఈ దశలోనే చూసుకోవాలి. ‘అర్థం’ భావం, ‘అర్ధం’ సగం. పాఠంలో ఒత్తు తప్పితే గొంతును నిందించి లాభం లేదు.

పాఠం శుభ్రమయ్యాకే వినడం మొదలవుతుంది. వినేటప్పుడు పాఠం కళ్ళెదుట ఉండకూడదు. కన్ను ‘జ్ఞానం’ చూస్తే చెవి ‘జ్ఞానం’ విన్నట్టే అనుకుంటుంది. రాసినవారే పరిశీలిస్తే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ వాక్యాలు వాళ్ళకు కంఠస్థం. అందుకే పాఠం తెలియని మరొకరు మామూలు వేగంతో ఒకసారి విని, అర్థం కాని చోటా చెవికి గుచ్చుకున్న చోటా నిమిషం, సెకను రాసుకోవడం మంచిది. రెండో విడతలో పాఠం ముందు పెట్టుకుని ఆ చోట్లనే వేగం తగ్గించి వినాలి. విన్నదాన్ని విన్నట్టుగా, అంటే ‘బ్రహమ’, ‘రిషి’ అని, తప్పు రూపంలోనే రాసిపెట్టుకోవాలి. ఉత్తినే ‘తప్పు’ అని గుర్తు పెడితే దిద్దేటప్పుడు అక్కడ అచ్చు చేరిందా, హల్లు రాలిందా, ఒత్తు పోయిందా తెలియదు.

మాటను తిరిగి రాతగా మార్చే సాఫ్ట్‌వేర్‌తో ఈ వినడాన్ని తప్పించుకోవచ్చనే ఆలోచన చాలామందికి వస్తుంది. పదం మొత్తంగా చెడినప్పుడు అది పనికొస్తుంది. సూక్ష్మమైన తప్పులకు పనికిరాదు. ‘గ్యానం’ అన్నా, ‘గ్న్యానం’ అన్నా, ‘జ్యానం’ అన్నా అది తనకు తెలిసిన ‘జ్ఞానం’గానే రాసే అవకాశం ఎక్కువ. పొరపాటును సరిచేసి రాయడమే దాని పని కాబట్టి పొరపాటు ఉన్నట్టు బయటపడదు. నియమాలతో నడిచే గొంతు విషయంలో మాత్రం వినకుండానే కొంత తెలుసుకోవచ్చు. ఒక పదాన్ని ఏ ధ్వనులుగా విడగొట్టిందో ఈస్పీక్ ఎన్‌జీ అక్షరాల్లో చూపిస్తుంది:

```
espeak-ng -v te -q --ipa "జ్ఞానం"
```

వచ్చేది అంతర్జాతీయ ధ్వనిలిపి. పైపర్ లాంటి ఉచిత న్యూరల్ వ్యవస్థలు కూడా పాఠాన్ని ముందు ఈస్పీక్ ద్వారానే ధ్వనులుగా మార్చుకుంటాయి కాబట్టి, అక్కడ తప్పు ఎక్కడ పుట్టిందో ఈ ఒక్క ఆదేశంతో తేలిపోతుంది. ఇక్కడే ధ్వనులు తప్పుగా ఉంటే రాత మార్చాలి. ఇక్కడ సరిగా ఉండి గొంతులో తప్పితే, ఆ ధ్వనిని గొంతు సరిగా నేర్చుకోలేదని అర్థం.

దిద్దుబాటులో మొదటి సాధనం రాత మార్పు. మనిషి పలికే తీరును తెలుగు అక్షరాల్లోనే రాసి యంత్రానికి ఇవ్వడం. అచ్చుకు వెళ్ళే మూల ప్రతిని దీనికోసం ముట్టుకోకూడదు. యంత్రం చదవడానికి వేరే పఠన ప్రతి ఉండాలి. ఎలా పనిచేస్తుందో చూడటానికి కష్టమైనవన్నీ ఒకచోట చేర్చిన ఈ వాక్యం చాలు:

యజ్ఞం ముగిశాక ఋషి బ్రహ్మను ధ్యానించి, దుఃఖం లేని అమృత ఫలాన్ని కోరాడు.

దీన్ని ఒక గొంతు ‘యజ్యం ముగిశాక రిషి బ్రహమను ధ్యానించి, దుఖం లేని అమ్రిత ఫలాన్ని కోరాడు’ అని చదివిందనీ, ‘ఫలాన్ని’లో మొదటి అక్షరం ‘ఫోన్’లోని ఫకారంలా వినిపించిందనీ అనుకుంటే, దిద్దుబాటు ఒక్కో పదానికీ ఒక్కో దారిలో నడుస్తుంది.

‘ఋషి’ అన్నిటికంటే తేలిక. ‘రుషి’ అని రాస్తే సరిపోతుంది. ‘బ్రహ్మ’లో హకారం ముందు, మకారం తరువాత రాస్తాం. తెలుగు నోట అవి తారుమారై ‘బ్రమ్హ’ అవుతాయి. యంత్రం హకారం మీద ఆగి, మకారానికి వెళ్ళే దారి లేక మధ్యలో ఒక అకారాన్ని చేర్చి ‘బ్రహమ’ అంది. ‘బ్రమ్హను’ అని వరస మార్చి రాస్తే ఆ అకారం పోతుంది. ‘చిహ్నం’, ‘మధ్యాహ్నం’, ‘ప్రహ్లాదుడు’, ‘ఆహ్వానం’ అన్నీ ఈ వరసలోవే. వాటిని ‘చిన్హం’, ‘మధ్యాన్హం’, ‘ప్రల్హాదుడు’, ‘ఆవ్హానం’ అని పఠన ప్రతిలో రాయవచ్చు.

‘యజ్ఞం’ కొంచెం మొండిది. ‘యగ్న్యం’ అని రాస్తే మూడు హల్లులు ఒకదాని కింద ఒకటి చేరతాయి. అంత బరువైన సంయుక్తం చూసి గొంతు ‘యగనియం’ అని అచ్చులు చేర్చి విడదీస్తే మందు రోగాన్ని మార్చిందే తప్ప తగ్గించలేదు. అప్పుడు గకారాన్ని పొల్లుగా విడిచి ‘యగ్‌న్యం’ అని రాసి చూడాలి. పొల్లును పొల్లుగానే నిలబెట్టడానికి దాని తరువాత కంటికి కనిపించని ఒక అక్షరం పెడతారు. యూనికోడ్‌లో దాని సంఖ్య `U+200C`. కొన్ని వ్యవస్థలు దీన్ని పట్టించుకోవు, కొన్ని దీన్ని పదవిరామం అనుకుని అక్కడ ఆగుతాయి. ఆగితే దాన్ని తీసేసి ‘యగ్నం’ అనే తేలిక రూపంతో సరిపెట్టుకోవడమే మేలు. కాస్త యకారం తగ్గినా పదం విరగకుండా ఉంటుంది.

‘దుఃఖం’లో విసర్గ తరువాతి ఖకారంలో కలిసి అక్షరం బలపడాలి. ‘దుఖం’ అన్న గొంతులో ఆ బలం పోయింది. ‘దుక్ఖం’ అని రాస్తే తిరిగి వస్తుంది. ‘దుఖ్ఖం’ అని రెండూ ఒత్తక్షరాలుగా రాయడం కంటే ఇదే మంచిది, ఎందుకంటే నోరు మొదట పలికేది ఒత్తు లేని కకారాన్నే. విసర్గ పదం చివర వస్తే లెక్క వేరు. దాని ముందున్న అచ్చును అది ప్రతిధ్వనిస్తుంది. ‘నమః’ను ‘నమహ’ అనీ, ‘హరిః’ను ‘హరిహి’ అనీ, ‘గురుః’ను ‘గురుహు’ అనీ రాయాలి. అన్నిటికీ ఒకే ‘హ’ తగిలిస్తే ‘హరిహ’ అని కొత్త తప్పు పుడుతుంది. ‘అంతఃపురం’, ‘ప్రాతఃకాలం’ లాంటివి చాలా గొంతుల్లో బాగానే వస్తాయి. బాగా వచ్చినదాన్ని కదపకూడదు.

‘అమృత’ను ‘అమ్రుత’ అని రాస్తే ‘రి’ పోయి ‘రు’ వస్తుంది. వచనంలో దీనితో పని అయిపోయినట్టే. పద్యంలో మాత్రం కాదు. ‘మృ’ ఒక హల్లు, ఒక అచ్చు మాత్రమే, సంయుక్తాక్షరం కాదు. అందుకే ఛందస్సులో ‘అమృత’లోని అకారం లఘువు. ‘అమ్రుత’ అని రాయగానే ‘మ్రు’ సంయుక్తమై, ముందున్న అకారం గురువవుతుంది. యంత్రం మకారాన్ని నొక్కి ‘అమ్మ్రుత’కు దగ్గరగా పలుకుతుంది, గణం చెడుతుంది. పద్యపఠనంలో ఇది చెవికి వెంటనే తెలుస్తుంది. అక్కడ ఋకారాన్ని రాత మార్పుతో కాక ధ్వనిలిపితోనే చెప్పవలసి వస్తుంది.

‘ఫలం’ దగ్గర తెలుగు లిపి చేతులెత్తేస్తుంది. ఇప్పుడు తెలుగులో ‘ఫ’కు రెండు పనులు: సంస్కృత పదాల్లో పకారానికి ఒత్తు, ‘ఫోన్’, ‘ఆఫీసు’ లాంటి వాటిలో పంటికీ పెదవికీ మధ్య నుంచి వచ్చే ధ్వని. వాడుకలో ఆ రెండోదే పైచేయి కావడంతో గొంతు దాన్నే నేర్చుకుంది. ‘ప్హలాన్ని’ అని రాస్తే ‘పహలాన్ని’ అని చదివే గొంతులున్నాయి. రాతతో కుదరనప్పుడు ఎస్‌ఎస్‌ఎంఎల్ అనే గుర్తుల భాష అక్కరకు వస్తుంది. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2004లో ప్రమాణంగా ఆమోదించిన ఈ భాషలో మనకు కావలసినవి రెండే గుర్తులు. ఒకటి ‘ఈ పదానికి బదులు ఆ పదం చదువు’ అంటుంది, రెండోది ‘ఈ ధ్వనులు పలుకు’ అంటుంది:

```xml
<sub alias="దుక్ఖం">దుఃఖం</sub>
<phoneme alphabet="ipa" ph="pʰalaːnni">ఫలాన్ని</phoneme>
```

మొదటి గుర్తులో ఒక సదుపాయం ఉంది. సరైన రాత ఫైల్లోనే ఉండిపోతుంది కాబట్టి తెర మీద అక్షరాలు చూపాలన్నా, రేపు మరో గొంతుకు మారాలన్నా మూలం పోదు. రెండో గుర్తును వాడేటప్పుడు విభక్తితో సహా మొత్తం పదాన్ని దాని లోపల పెట్టాలి. ‘ఫల’ వరకే పెట్టి ‘ఆన్ని’ బయట వదిలితే అతుకు దగ్గర గొంతు ఆగుతుంది. అన్ని గొంతులూ ఈ గుర్తును పాటించవు. కొన్ని ఏమీ చెప్పకుండా దాన్ని దాటిపోతాయి. పాటిస్తుందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ‘ఫలాన్ని’ చుట్టూ పెట్టిన గుర్తులో పూర్తిగా వేరే మాట ధ్వనులు, ఉదాహరణకు `amma`, రాసి వినాలి. ‘అమ్మ’ వినిపిస్తే గుర్తు పనిచేస్తున్నట్టు. ‘ఫలాన్ని’ అనే వినిపిస్తే ఆ గొంతుకు రాత మార్పు తప్ప మరో దారి లేదు.

ఒక్కో పదాన్నీ విడిగా దిద్దాక వాక్యం మొత్తాన్ని మళ్ళీ వినాలి. పఠన ప్రతిలో అది ఇలా ఉంటుంది:

```xml
యగ్‌న్యం ముగిశాక రుషి బ్రమ్హను ధ్యానించి, దుక్ఖం లేని అమ్రుత
<phoneme alphabet="ipa" ph="pʰalaːnni">ఫలాన్ని</phoneme> కోరాడు.
```

ఈ రెండో వినికిడిని వదిలేయడం వల్లే ఎక్కువ దిద్దుబాట్లు వికటిస్తాయి. న్యూరల్ గొంతు పదాన్ని విడిగా ఒకలా, వాక్యంలో మరోలా పలుకుతుంది. అలవాటు లేని రాత ఎదురైతే ఆ పదం దగ్గర వేగం తగ్గించవచ్చు, లేదా తరువాతి పదాన్ని మింగవచ్చు. అందుకని ముఖ్యమైన ప్రతి పదాన్నీ వాక్యం మొదట్లో, నడుమ, ఆగే ముందు, ఇలా మూడు చోట్లా పెట్టి వినడం అవసరం.

దిద్దిన రూపాలన్నీ ఒక పట్టికలో చేరాలి. కొన్నిటికి పదమంతా అక్కర్లేదు, ముక్క చాలు. ‘దుఃఖ’ను ‘దుక్ఖ’గా మార్చమంటే ‘దుఃఖం’, ‘దుఃఖించాడు’, ‘దుఃఖసాగరం’ అన్నీ ఒకేసారి దారికొస్తాయి. ‘జ్ఞ’ కూడా అంతే. యజ్ఞం, విజ్ఞానం, ఆజ్ఞ, కృతజ్ఞత అన్నిటికీ ఒకే మార్పు. ముక్కల మార్పు, పదాల మార్పు రెండూ ఉన్న పట్టికలో పొడవైన రూపాలు ముందు అమలు కావాలి. లేకపోతే ‘జ్ఞ’ మార్పు ముందే జరిగిపోయి, ‘కృతజ్ఞత’ కోసం విడిగా రాసుకున్న దిద్దుబాటుకు వెతకడానికి పదమే మిగలదు.

పట్టికకు లొంగనివి చకార, జకారాలు. అచ్చ తెలుగు పదాల్లో అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ, ఔ పరమైనప్పుడు ఇవి దంత్యాలుగా పలుకుతాయి. చాప, చుక్క, జడ, జున్ను అలాంటివి. తత్సమాల్లో మాత్రం ఎక్కడైనా తాలవ్యాలే: చంద్రుడు, చరణం, జలం, జనకుడు. ఒకే అక్షరానికి ఒకే ధ్వని పెట్టుకున్న వ్యవస్థ రెండింటిలో ఒకదాన్ని తప్పక చెడగొడుతుంది. మనిషి చదువు విని నేర్చుకున్న గొంతు తరచు వచ్చే పదాలను సరిగా అని, అరుదైన వాటిలో పొరబడుతుంది. పూలజడలోని ‘జడ’ దంత్యం, జడపదార్థంలోని ‘జడ’ తాలవ్యం. రాత ఒక్కటే కాబట్టి ఏది ఎక్కడో పట్టిక తేల్చలేదు, వాక్యం చదివిన మనిషే తేల్చాలి. దంత్యాలకు ‘ౘ’, ‘ౙ’ అని పాత పుస్తకాల్లో వాడిన అక్షరాలు యూనికోడ్‌లోనూ ఉన్నాయి. చాలా గొంతులకు అవి పరిచయం లేవు కాబట్టి వాటిని చూసి ఆ పదాన్నే సగం వదిలేసే ప్రమాదం ఉంది. తాలవ్యం కోసం ధ్వనిలిపి గుర్తు పనిచేస్తే అదే నయం. ‘జ్యలం’ అని యకారం చేర్చి రాయడం చివరి ఉపాయం, యకారం విడిగా వినిపించకపోతేనే దాన్ని ఉంచుకోవాలి.

కొన్ని తప్పులు గొంతు ఇచ్చిన మనిషి నుంచే వస్తాయి. థకారాన్ని ధకారంగా పలకడం తెలుగునాట ఎంత మామూలంటే, ‘కథ’ను ‘కధ’ అనని గొంతు అరుదు. ఆ రికార్డింగులతో నేర్చిన యంత్రానికి ‘అర్థం’ అని ఎంత శుద్ధంగా రాసిచ్చినా ‘అర్ధం’ అనే వస్తుంది. ఈ తేడా చెవికి అందకపోతే ప్రాట్ అనే ఉచిత ధ్వని విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో చూడవచ్చు. ధకారమైతే నాలుక పళ్ళను మూసి ఉన్న క్షణంలో కూడా స్వరతంత్రుల కంపనం బొమ్మ అడుగున చారలా కొనసాగుతుంది. థకారంలో ఆ చోటు ఖాళీగా ఉండి, విడిచాక ఊపిరి రొద కనిపిస్తుంది. ‘అర్త్హం’ అని రాస్తే కొన్ని గొంతుల్లో మార్పు వస్తుంది. కథా పఠనంలో దీనికోసం గంటలు వెచ్చించడం దండగ, శ్రోత కూడా అలాగే పలుకుతాడు. గణిత పాఠంలో ‘అర్ధం’, ‘అర్థం’ రెండూ ఒకే పేజీలో వచ్చినప్పుడు, లేదా తెలుగు లిపి రాకుండా విని మాత్రమే భాష నేర్చుకుంటున్న ప్రవాస పిల్లల కోసం చదివిస్తున్నప్పుడు దిద్దడమే న్యాయం. ఏ దారీ పనిచేయకపోతే ఆ వాక్యాన్ని మనిషి చేత చదివించి అతకడమో, గొంతు మార్చడమో చేయాలి.

ఈ పట్టిక ఒక గొంతుకు, అదీ ఒక కూర్పుకు మాత్రమే చెల్లుతుంది. తయారీదారు గొంతును కొత్తగా నేర్పి విడుదల చేస్తే నిన్నటి దాకా కావలసివచ్చిన ‘రుషి’ అక్కర్లేకపోవచ్చు, సరిగా వచ్చిన ‘యగ్‌న్యం’ మళ్ళీ విరగవచ్చు. పట్టికలోని ఒక్కో పదానికి ఒక్కో పరీక్ష వాక్యం రాసి ఉంచుకుంటే, కొత్త కూర్పు వచ్చిన రోజు ఆ వాక్యాలను మూల రూపంలో ఒకసారి, దిద్దిన రూపంలో ఒకసారి చదివించి పోల్చవచ్చు. మూల రూపమే బాగా వచ్చిన పదాలను పట్టిక నుంచి తీసేస్తారు, చెడినవాటికి కొత్త రూపం వెతుకుతారు.